రెండు నిమిషాలేనండి

ఆగి ఉన్న లారీని వెనక నుంచి కారు ఢీకొంది, డ్రైవరు నిద్రమత్తే కారణమని పోలీసులు భావిస్తున్నారు. ఈ వార్త జిల్లా పేజీలో ఎన్నిసార్లు వచ్చినా మనం చదివి అయ్యో అనుకున్నాం, పేజీ తిప్పేశాం. రాసేవాళ్లం కూడా అంతకు మించి చేసింది లేదు. లారీ అక్కడ ఎందుకు ఆగింది, ఎంతసేపటి నుంచి ఆగి ఉంది, వెనక లైట్లు వెలుగుతున్నాయా, హెచ్చరికగా ఏదైనా పెట్టారా అని ఒక్క వాక్యం అడిగి రాయలేదు. చనిపోయినవాడి నిద్ర మీదికి తోసేసి ఊరుకున్నాం. ఆ లారీని అక్కడ ఆపింది మనవాళ్లే. ఆపితే తప్పేముందని వాళ్లకు నేర్పిన ఊళ్లు కూడా మనవే.

కోనసీమలో మనం బండి నేర్చుకున్నది కాలువ గట్ల మీద. కొత్తపేట, అంబాజీపేట, రాజోలు, ఎటు వెళ్లినా ఒక పక్క కాలువ, ఇంకో పక్క కొబ్బరితోట, మధ్యలో సన్నటి రోడ్డు. ఎదురొచ్చినవాడు తెలిసినవాడే. బండి ఆపి, కాలు కింద పెట్టి, పెళ్లి కబురో కాయ ధరో మాట్లాడుకుని కదులుతాం. వెనక వచ్చినవాడు హారన్ కొడితే "ఆయ్, రెండు నిమిషాలేనండి" అంటాం, అతనూ నవ్వి ఊరుకుంటాడు. ముప్పై, నలభై వేగంతో నడిచే రోడ్డు మీద ఆ మర్యాద సరిపోయింది. రావులపాలెంలో చెన్నై–కోల్‌కతా హైవే ఎక్కాక కూడా మనం దాన్ని మన వీధి అరుగులాగే వాడుకున్నాం. ఇన్ని చావుల వెనక ఉన్నది ఈ అలవాటే.

జొన్నాడ వంతెన దగ్గర గౌతమి దాటితే రావులపాలెం, అవతల వశిష్ఠ దాటితే సిద్ధాంతం. ఈ రెండు వంతెనల మధ్య ఉన్న కొద్దిపాటి రోడ్డులోనే మన అలవాట్లన్నీ కనిపిస్తాయి. గోదారి రాగానే కారు ఆపి, అద్దం దించి, నాణెం వేసి, దండం పెట్టి, పిల్లల చేత ఫొటో తీయిస్తాం. పూతరేకుల కొట్టు కనిపించగానే ఇండికేటర్ కూడా వేయకుండా ఎడమకు లాగేస్తాం. అరటి గెలల లోడుతో బయల్దేరిన లారీవాళ్లు టీ కోసం తెల్లగీత మీదే ఆపుతారు. బస్సు కోసం మనం నిలబడేది స్టాపులో కాదు, మనకు దగ్గరగా ఉన్న చోట. మన చెయ్యి చూసి ఆటోవాడు నడుస్తున్న లేన్‌లోనే ఆపుతాడు.

చట్టం ఈ విషయంలో మొదటి నుంచీ స్పష్టంగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 122 ప్రకారం, ఇతరులకు ప్రమాదం గానీ అడ్డంకి గానీ కలిగేలా ఏ బండినీ రోడ్డు మీద నిలిపి ఉంచకూడదు. వంతెన, మలుపు, ఎత్తు ఎక్కి దిగే చోటు, హైవేలోకి చేరే, హైవే నుంచి దిగే లేన్లు, వీటి మీద ఆపకూడదని చెప్పడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. వెనక వచ్చేవాడికి చూపు అందని చోటు, పక్కకు తప్పుకోవడానికి జాగా లేని చోటు ఏదైనా సరే, ఆపకూడని చోటే. వంతెన మీద రెండో ఇబ్బంది మరీ ఎక్కువ. పక్క మార్జిన్ సన్నబడిపోతుంది, బండి దిగి పారిపోదామన్నా అవతల గోదారే.

రెండు నిమిషాల్లో ఏమవుతుందిలే అనుకునేవాళ్లు ఒక్క లెక్క చూడాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది. రాత్రిపూట, ఎదురు బండ్ల కోసం లైటు డిమ్ చేసుకుంటే, దారి కనిపించేది 50, 60 మీటర్ల దాకానే. ముందున్నది ఆగిపోయిన బండి అని గుర్తుపట్టి బ్రేకు మీద కాలు వేయడానికి మెలకువగా ఉన్నవాడికే సెకనున్నర నుంచి రెండు సెకన్లు పడుతుంది. అంటే కాలు పెడల్‌ను తాకేసరికి ఆ కనిపించిన దూరం దాదాపు అయిపోతుంది. గట్టిగా బ్రేకు పట్టినా ఆగడానికి ఇంకో 60, 65 మీటర్లు కావాలి. పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, నిద్ర లేని డ్రైవరుకు వచ్చే లెక్క ఇది. నిద్రమత్తు అని మనం రాసేసిన వాళ్లలో ఎంతమంది కళ్లు బాగా తెరుచుకునే ఉన్నారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఇంకో సంగతి లారీ డ్రైవర్లకు బాగా తెలుసు, కార్లవాళ్లకు అంతగా తెలియదు. ఆగి ఉన్న లారీ వెనక ఎర్రలైట్లు వెలుగుతూనే ఉన్నా ప్రమాదం తప్పిందని కాదు. చీకట్లో దూరం నుంచి చూసేవాడికి ఆ రెండు ఎర్రచుక్కలు నడుస్తున్న బండివే అనిపిస్తాయి. దాని వెనకే పోదామని అదే లేన్‌లో వస్తాడు. చుక్కల మధ్య దూరం ఒక్కసారిగా పెరిగిపోతున్నట్టు కనిపించేదాకా అది ఆగి ఉందని తెలియదు, తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకునే హజార్డ్ లైట్లు, ఎర్ర త్రికోణం ఉన్నవి అందుకే. ఆగాననే మాట వాటితోనే చెప్పగలం. మన లోడు బండ్లకు వెనక అంటించిన మెరిసే టేపు బురదలోనో, వేలాడే టార్పాలిన్ కిందో ఉంటుంది. కొబ్బరికాయల ట్రాక్టరు ట్రక్కులకు చాలావాటికి వెనక లైటే ఉండదు. ఇది మన రైతులకు తెలుసు, బండి ఓనర్లకు తెలుసు, ఆపి చలానా రాసేవాళ్లకూ తెలుసు.

బండి చెడితే మనం చేసేదేమిటో చూడండి. పక్క తోటలోంచి కొబ్బరిమట్టో చెట్టుకొమ్మో తెచ్చి నాలుగడుగుల వెనక వేస్తాం. చుట్టూ రాళ్లు పేరుస్తాం. నాలుగడుగుల వెనక వేసిన మట్ట, సెకనుకు 28 మీటర్ల వేగంతో వచ్చేవాడికి బండిని ఢీకొన్న తర్వాత గానీ కనిపించదు. ఇంకా ఘోరం, రిపేరు అయ్యాక మన బండి వెళ్లిపోతుంది, రాళ్లు అక్కడే ఉంటాయి. ఆ రాయి మీద ఎక్కి పడిపోయిన మోటారు సైకిలు కుర్రాడి గురించి ఇంకో రోజు ఇంకో వార్త చదువుతాం. ఆ రాయి ఎవరు పెట్టారని అప్పుడు కూడా అడగం.

సంక్రాంతి ముందు రాత్రి అనుకోండి. హైదరాబాదు నుంచి అమలాపురం వస్తున్న కారు. బామ్మ, ఇద్దరు పిల్లలు, భార్యాభర్తలు. తణుకు దాటింది, సిద్ధాంతం వంతెన ఇంకా ఎక్కలేదు. వెనక కుడి టైరు పంక్చరయింది. మనం చేసే పని తెలిసిందే. అక్కడికక్కడే తెల్లగీత పక్కన ఆపుతాం. అందరూ దిగి కారు వెనకాల నిలబడతారు. ఆయన కుడి పక్క జాకీ పెట్టి, వచ్చే లారీలకు వీపు పెట్టి కూర్చుంటాడు. ఆవిడ సెల్‌ఫోన్ లైటు పట్టుకుని ఆయన పక్కనే రోడ్డు మీద నిలబడుతుంది. ఆమె ఒంటి మీద ముదురు రంగు చీర.

నిజానికి చేయాల్సింది మరోలా ఉంటుంది. టైరు పోయిందని స్టీరింగ్ లాగగానే తెలుస్తుంది. బ్రేకు మీద ఒక్కసారిగా కాలు వేయకూడదు, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని యాక్సిలరేటర్ వదలాలి. వెంటనే హజార్డ్ లైట్లు వేయాలి. టైరు పాడైతే పాడవుతుంది, నెమ్మదిగా ఎడమ అంచునే నడుపుకుంటూ సర్వీసు రోడ్డు, పెట్రోలు బంకు, లే-బై, ఏది ముందు వస్తే అక్కడికి చేరాలి. ఒక టైరు, మహా అయితే ఒక రిమ్ము ఖర్చు. కారు వంతెన ఎక్కకూడదు, వంతెనకు ముందే ఆగాలి. అంతదాకా వెళ్లలేకపోతే మార్జిన్‌లో వీలైనంత ఎడమకు, చక్రాలు మట్టిలోకి దిగినా సరే, ఆపాలి. హజార్డ్‌తో పాటు పార్కింగ్ లైట్లు కూడా వెలగాలి.

తర్వాత మనుషులు. అందరూ ఎడమ తలుపుల నుంచే దిగాలి. కుడి తలుపు తెరవకూడదు. డ్రైవరు కూడా పక్క సీటు మీదుగా ఎడమకే దిగడం మంచిది. దిగినవాళ్లు కారు వెనకా ముందూ నిలబడకూడదు, ఎందుకంటే వెనక నుంచి ఏదైనా గుద్దితే కారు వాళ్ల మీదికే వస్తుంది. ఇనుప రెయిలింగ్ ఉంటే దాని అవతలికి, లేకపోతే గట్టు కిందికి దిగి, కారు ఉన్న చోటికి కాస్త వెనకగా, అంటే బండ్లు వచ్చే వైపుకు వెళ్లి నిలబడాలి. కారు గుద్దుడుకు ముందుకు ఎగిరినా వాళ్లను తాకదు. బామ్మను కార్లోనే కూర్చోనివ్వండి, చలి, అంటాం మనం. ఆగిన కారులో కూర్చున్నవాళ్లే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. దుప్పటి కప్పి అయినా బయటకు తేవాలి. దిగలేని మనిషి ఉంటే సీటు బెల్టు తీయకూడదు.

త్రికోణం కొత్త కార్లన్నిటిలో డిక్కీలో ఉంటుంది. చాలామంది దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పి ఉండరు. దాన్ని ఛాతీకి ఎదురుగా పట్టుకుని, వచ్చే బండ్లకు కనిపించేలా, రోడ్డు మీద కాకుండా మార్జిన్ బయటి అంచున నడుచుకుంటూ వెనక్కి వెళ్లి పెట్టాలి. ఎంత దూరం? ఇందాకటి లెక్కే చెబుతుంది. ఆగడానికి 120 మీటర్లు కావాల్సిన బండికి పది అడుగుల దూరంలో పెడితే ఏం లాభం? కనీసం వంద పెద్ద అంగలు. మలుపు గానీ ఎత్తు గానీ వెనక ఉంటే దాని అవతలికి. మార్జిన్ సన్నగా ఉండి నడవడమే ప్రమాదమైతే త్రికోణం మానేసి గట్టు కిందే ఉండాలి. తర్వాత 1033కు ఫోన్. జాతీయ రహదారుల సహాయానికి ఇరవై నాలుగ్గంటలూ పనిచేసే నంబరు అది. పక్కన ఉన్న కిలోమీటరు రాయి మీది అంకె, ఏ వైపు రోడ్డు, అంటే రాజమండ్రి వైపా విజయవాడ వైపా, చెప్పాలి. సిద్ధాంతం దగ్గర అని చెబితే వాళ్లు అవతలి రోడ్డుకు కూడా వెళ్లవచ్చు. దెబ్బలు తగిలితే ముందు 108.

కుడి టైరు మార్పిడి మాత్రం అక్కడ చేయకూడదు. పెట్రోలింగ్ బండి వచ్చి వెనక లైట్లు వేసి నిలబడితే సరే, లేకపోతే లాగించుకుని వెళ్లాలి. ఈ మొత్తంలో ఖర్చు ఒక గంట. ఆ గంట మనకు పండగ రాత్రి చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

ఈ ఆగడానికీ మన లేన్ల గోలకూ సంబంధం ఉంది, దీన్ని ఎవరూ కలిపి చూడరు. నాలుగు లేన్ల రోడ్డులో ఒక్కో వైపు రెండు. ఎడమది నడవడానికి, కుడిది దాటడానికి, దాటాక మళ్లీ ఎడమకు రావాలి. మరి లారీలన్నీ డివైడరును ఆనుకుని కుడి లేన్‌లోనే ఎందుకు నడుస్తాయి? లారీ డ్రైవర్లకు బుద్ధి లేదని తిడతాం. ఎడమ లేన్‌లో మనం ఆటోలు ఆపాం, కొబ్బరిబొండాల బండి పెట్టాం, ధాన్యం ఆరబోశాం, రాంగ్ రూట్లో మోటారు సైకిలు తోలాం. రాత్రిపూట లోడు లారీని కనిపించినంత దూరంలో ఆపలేనని తెలిసినవాడు ఎడమకు ఎలా వస్తాడు? అతను కుడికి పోయాడు. వెనక కారువాడికి దాటే లేన్ మూసుకుపోయింది. అతను ఎడమ నుంచి దూసుకొచ్చాడు, లారీ అడ్డం పోగానే ముందు కనిపించింది ఆగి ఉన్న మన బండి. ఈ ప్రమాదానికి బీజం పడింది మనం ఎడమ లేన్‌ను ఆక్రమించిన రోజునే.

ధాన్యం మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 2014 ఏప్రిల్‌లో ఆళ్లగడ్డ దగ్గర ఎమ్మెల్యే శోభా నాగిరెడ్డి కారు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యపు కుప్పను తప్పించబోయి బోల్తా పడింది, మరునాడు ఆమె చనిపోయారు. రాష్ట్రమంతా తెలిసిన సంగతి. ఆ తర్వాత వచ్చిన దాళ్వా కోతల్లో మనం రోడ్డు మీద ఆరబోయడం మానేశామా? కల్లాలు తక్కువ, తేమ శాతం ఎక్కువైతే మిల్లరు కోత పెడతాడు, ఇవన్నీ నిజాలే. రైతు కష్టం నిజం. ఆ కష్టాన్ని తీర్చమని అడగాల్సిన చోట గట్టిగా అడగకుండా, రోడ్డు మీదికి తోసి, చుట్టూ రాళ్లు పెట్టి, రాత్రికి ఇంటికి పోయినవాళ్లం మనం.

హైవే ఎక్కే తీరు కూడా ఊరి కూడలి తీరే. సర్వీసు రోడ్డు చివరికి వచ్చి, ముక్కు బయటపెట్టి, హారన్ కొట్టి, వచ్చేవాడే ఆగుతాడులే అని అడ్డంగా దూరతాం. చేరడానికి పొడవైన లేన్ ఉన్న చోట చేయాల్సింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ లేన్‌లోనే వేగం పెంచుకోవాలి, కుడి ఇండికేటర్ వేయాలి, అద్దంలో చూసి, అద్దంలో పడని కుడి మూలను మెడ తిప్పి చూసి, మెయిన్ రోడ్డు వేగం అందుకున్నాక ఖాళీలోకి జారాలి. దారి హక్కు మెయిన్ రోడ్డు మీద ఉన్నవాడిది. లేన్ చివర ఆగిపోవడం అన్నిటికన్నా ప్రమాదం. అలాంటి లేన్ లేని చోట పూర్తిగా ఆగి, చాలా పెద్ద ఖాళీ కోసం చూడాలి. లోడు ఆటో కదిలి నలభై వేగం అందుకోవడానికి ఎనిమిది, పది సెకన్లు పడుతుంది. ఆ లోపల వెనక కారు దాదాపు పావు కిలోమీటరు వచ్చేస్తుంది. అంటే కారు చిన్నగా కనిపిస్తున్నప్పుడు కూడా ఖాళీ చాలకపోవచ్చు.

యూటర్న్ దూరమని డివైడరుకు గండి కొట్టించుకున్న ఊళ్లు మనవి. గండి పూడిస్తే ధర్నా చేసిన ఊళ్లు కూడా ఉన్నాయి. 2012 నవంబరు 2 తెల్లవారుజామున ఇదే హైవే మీద శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర మాజీ కేంద్రమంత్రి ఎర్రన్నాయుడు కారు, మలుపు తిరుగుతున్న ట్యాంకరును ఢీకొంది. ఆయన ప్రాణం పోయింది. ఎదురుదారిలో నడపడం 2019 సవరణ తర్వాత ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వస్తుంది, జైలు దాకా పోయే నేరం. అరకిలోమీటరు చుట్టు తప్పించుకోవడానికి ఆ నేరం మనం రోజూ పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని చేస్తున్నాం.

ఆగడం కూడా తప్పేనా అని ఇంకా అనుమానం ఉన్నవాళ్లకు 2025 జూలై 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఉంది. 2017లో కోయంబత్తూరు దగ్గర హైవే మీద ఒక కారువాడు హఠాత్తుగా బ్రేకు వేశాడు. వెనక మోటారు సైకిలు మీద వస్తున్న ఇంజనీరింగ్ కుర్రాడు కారును గుద్ది పడ్డాడు, వెనక బస్సు అతని కాలు మీదుగా పోయింది, కాలు తీసేశారు. కారువాడు చెప్పిన కారణం, గర్భవతి అయిన భార్యకు వాంతి వచ్చేలా ఉందని. ఎంత మానవీయమైన కారణం! మనలో ఎవరైనా అదే చేసేవాళ్లం. హైవే మీద వెనకవాళ్లకు సూచన ఇవ్వకుండా ఆపడానికి అది కారణం కాదంది కోర్టు. తప్పులో సగం, 50 శాతం, కారువాడిదే అంది. బస్సుది 30, దూరం పాటించని, లైసెన్సు లేని కుర్రాడిది 20. గుద్దినవాడిదే తప్పు అని మనం పంచాయితీల్లో తేల్చేసే లెక్కకు ఇది పూర్తిగా తలకిందులు.

హైదరాబాదులో ఉన్న మన పిల్లలు 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మీద నడుపుతున్నారు. అక్కడ కుడివైపు రెండు లేన్లు 80 నుంచి 120 వేగానికి, ఎడమ రెండు 40 నుంచి 80కి. అంతకంటే నెమ్మదిగా పోయే బండికి చోటు లేదు, టూవీలర్‌కు, ఆటోకు, కాలినడకకు అసలే లేదు, ఏ లేన్‌లోనూ ఆపకూడదు. దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోతే వెనక్కి రివర్స్ రాకూడదు, తర్వాతి ఎగ్జిట్‌కు పోయి తిరిగి రావాలి. అయినా ఫోన్ వస్తే పక్కకు ఆపుతాం, ఎగ్జిట్ దాటితే రివర్స్ పెడతాం. 2017 జూన్‌లో ఆ రోడ్డు మీద ఆగి ఉన్న లారీ కిందికి కారు దూసుకుపోయి ఒక సినీనటుడు చనిపోయినప్పుడు నెలరోజులు ఆయన వేగం గురించి, ఆయన అలవాట్ల గురించి మాట్లాడుకున్నాం. ఆపకూడని రోడ్డు మీద లారీ ఎందుకు ఆగిందన్న ప్రశ్న వినిపించింది తక్కువ.

ఇప్పుడు అలాంటి రోడ్డే మన గుమ్మం దాకా వస్తోంది. ఖమ్మం నుంచి దేవరపల్లి వరకు 160 కిలోమీటర్ల పైచిలుకు గ్రీన్‌ఫీల్డ్ రహదారి. కేటాయించిన చోట తప్ప మరెక్కడా ఎక్కడానికీ దిగడానికీ దారి ఉండదు. రాబోయే సంక్రాంతులకు హైదరాబాదు నుంచి కోనసీమకు వచ్చే కార్లలో చాలా భాగం దాని మీదే వస్తాయి. దేవరపల్లి దాకా వంద వేగంతో వచ్చి, అక్కడి నుంచి రావులపాలెం వైపు తిరుగుతాయి. ఆ కార్లు మన మధ్యకు వచ్చే రాత్రికి టీ కోసం ఆగే లారీలకు ఒక జాగా, పూతరేకుల కొట్లకు సర్వీసు రోడ్డు వైపు ముఖం, ధాన్యానికి కల్లాలు, ట్రాక్టరు ట్రక్కుల వెనక ఎర్రలైట్లు మనం పెట్టి ఉండాలి. పంచాయతీల్లో, లారీ ఓనర్ల సంఘాల్లో, మా పత్రికల జిల్లా డెస్కుల్లో ఈ నాలుగు పనుల గురించి ఇప్పటిదాకా మనం ఒక తీర్మానం చేయలేదు, ఒక శీర్షిక పెట్టలేదు.